ఎస్ అండ్ ఓపీ మీటింగ్: మా పంపుల ఫ్యాక్టరీలో కొన్నేళ్లు నడిపాక నా మాట

మాది వ్యవసాయ బోరు మోటార్లు, పంపులు తయారు చేసే మధ్యస్థాయి కంపెనీ. ప్లానింగ్ నా చేతిలో ఉంటుంది కాబట్టి నెలనెలా ఈ సేల్స్ అండ్ ఆపరేషన్స్ ప్లానింగ్ మీటింగ్ పెట్టే బాధ్యత కూడా నాదే. ముందే చెప్పేస్తున్నా, ఇది రోజూ పొద్దున జరిగే ప్రొడక్షన్ మీటింగ్ కాదు. ఫలానా డీలర్ ఆర్డర్ ఎందుకు ఆగింది, నిన్న లారీ ఎందుకు వెళ్లలేదు లాంటివి ఇక్కడికి వచ్చాయంటే ఆ రెండు గంటలూ పోయినట్టే. ఇక్కడ మాట్లాడేది రాబోయే ఆరు నెలల గురించి, అదీ ఒక్కో మోడల్ లెక్కన కాదు, 3 హెచ్‌పీ, 5 హెచ్‌పీ, 7.5 హెచ్‌పీ అని కుటుంబాల లెక్కన.

వచ్చేవాళ్లు ఆరుగురే: ఎండీ, సేల్స్ హెడ్, ప్లాంట్ హెడ్, పర్చేజ్, ఫైనాన్స్, నేను. ఎవరైనా రాలేకపోతే తన బదులు పంపే మనిషికి అక్కడికక్కడే సరే అనో కాదనో చెప్పే అధికారం ఉండాలి. "సార్‌ని అడిగి చెప్తానండీ" అనే మనిషిని పంపడం కన్నా కుర్చీ ఖాళీగా ఉంచడమే నయం. ఇక ఎండీ రాని నెల మీటింగ్ వాయిదా వేస్తాం, ఎందుకంటే సేల్స్‌కీ ఫైనాన్స్‌కీ మధ్య తేలని పేచీని తేల్చగలిగేది ఆయనొక్కరే.

అసలు పని మీటింగ్‌కి ముందు వారంలోనే అయిపోతుంది. మొదట సేల్స్ అంచనా తీసుకుంటాం, తర్వాత దాన్ని ప్లాంట్ కెపాసిటీ పక్కన పెట్టి ఎక్కడ పొసగడం లేదో నేను చూస్తాను. మీటింగ్‌కి వెళ్లేది ఆ పొసగనివి మాత్రమే.

ఒక డిసెంబర్ మీటింగ్ సంగతి చెప్తాను. 5 హెచ్‌పీలో సేల్స్ అంచనా జనవరికి 1,100, ఫిబ్రవరికి 1,400, మార్చికి 2,400, ఏప్రిల్‌కి 2,600. మాకు ఇరుకు మోటారుకి తీగ చుట్టే వైండింగ్ సెక్షన్లో ఉంది, రెండు షిఫ్టులు నడిపినా నెలకి 1,800 మోటార్లే. అసెంబ్లీ, టెస్టింగ్ ఎంత ఖాళీగా ఉన్నా లాభం లేదు, చుట్టే చేతులు ఎన్ని ఉంటే అన్ని మోటార్లే. అంటే మార్చి, ఏప్రిల్ కలిపి 1,400 తక్కువ పడుతున్నాయి, ముందు రెండు నెలల్లో 1,100 ఎక్కువ చేసుకునే వీలుంది. ఇంకేం, ముందే చేసి పెట్టుకుందాం అన్నారు ప్లాంట్ హెడ్.

ఒక్కో మోటారుకి మెటీరియలే 9,000 రూపాయలు. ఫైనాన్స్ ఆయన లెక్క కట్టి 99 లక్షలు రెండు మూడు నెలలు స్టాకులో ఇరుక్కుంటాయి, బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ లిమిట్‌లో అంత చోటు లేదు, 72 లక్షల దాకా సర్దగలను అన్నారు. అంటే 800. మిగతా 600లో 300 బయట జాబ్ వర్క్‌కి ఇచ్చి చుట్టించడానికి ఒప్పుకున్నాం. చివరి 300 చేయలేమని ఎండీ తేల్చేశారు, ఏ డీలర్లకి ముందే చెప్పాలో సేల్స్ హెడ్ ఆ టేబుల్ దగ్గరే ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆయనకి నచ్చలేదు లెండి, కానీ ఏప్రిల్ ఎండల్లో ఫోన్లో తిట్లు తినడం కన్నా డిసెంబర్‌లో చెప్పుకోవడం తేలిక.

ఆ రోజే ఇంకో రెండు మాటలు రాసుకున్నాం. ముందే చేసేవి మోటార్లు మాత్రమే, పూర్తి పంపుసెట్లు కాదు. బోరు లోతుని బట్టి పంపులో స్టేజీలు మారతాయి, మోటారు మాత్రం అదే. డీలర్ ఏది అడిగితే ఆ పంపుని అప్పుడు జోడించుకోవచ్చు, తప్పుడు మోడల్ గోడౌన్లో మిగిలే భయం ఉండదు. రెండోది, జనవరిలో 500, ఫిబ్రవరిలో 300 అదనంగా చేయాలి, కానీ జనవరి అమ్మకాలు 900 దాటకపోతే ఫిబ్రవరి 300 ఆపేయాలి. ఆగే షరతు లేకుండా ముందస్తు స్టాకు మొదలుపెడితే దాన్ని ఆపే మనిషి ఎవరూ ఉండరు.

చిరాకు పెట్టేది సేల్స్ అంచనానే. ఇన్సెంటివ్ టార్గెట్‌నే అంచనాగా తెచ్చి పెడతారు. పట్టుకోవడం కష్టమేం కాదు: ఒకే కుటుంబంలో వరసగా మూడు నెలలు అమ్మకం అంచనా కన్నా తక్కువే వచ్చిందంటే అది మార్కెట్ తప్పు కాదు, అంకెలోనే ఆశ కలిసింది. ఒక నెల ఎక్కువా ఒక నెల తక్కువా వస్తుంటే మాత్రం గొడవపడక్కర్లేదు, దానికి సేఫ్టీ స్టాకు ఉంది. ఇంకో గుర్తు, ఫైనాన్స్ బ్యాంకుకి పంపే అమ్మకాల అంకె, మన షీటులో అంకె వేరువేరుగా ఉంటే మీటింగ్ నడుస్తోందే గానీ దాన్ని ఎవరూ నమ్మడం లేదని అర్థం.

సాఫ్ట్‌వేర్ కొనమని చాలామంది చెప్పారు. మాకు ఎక్సెల్ షీటే సరిపోతోంది, కుటుంబానికి ఒక పేజీ, అందులో అంచనా, తయారీ, నెలాఖరు స్టాకు, అంతే. ఆర్డర్ చేతికొచ్చాకే డిజైన్ గీసి తయారు చేసే వర్క్‌షాపులకి ఈ పద్ధతి ఇలాగే అతకదు, వాళ్లకి కుటుంబాల అమ్మకం కన్నా మెషిన్ గంటల బుకింగ్ చూసుకోవడమే పనికొస్తుంది.