కప్పు తీసి పుస్తకం పెట్టడానికి జెనరేటివ్ ఫిల్: చాలాకాలం వాడాక నా సమీక్ష

పుస్తకాల పోస్టర్లు చేసేవాళ్లకి ఈ పని తరచూ తగులుతుంది. రచయిత దగ్గర మంచి ఫొటో ఒక్కటే ఉంటుంది, అందులో చేతిలో టీ కప్పు ఉంటుంది. జనవరిలో విజయవాడ పుస్తకాల పండగ దగ్గరపడే వేళకి అదే చేతిలో కొత్త పుస్తకం కనిపించాలంటారు. ఫోటోషాప్‌లో, సెలెక్ట్ చేసిన చోటును ఏఐతో నింపే జెనరేటివ్ ఫిల్ 2023లో వచ్చింది. అప్పటి నుంచి ఈ పనికి దాన్ని వాడుతూనే ఉన్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కప్పును మాయం చేయడానికి అది బంగారం. పుస్తకం పెట్టడానికి దాన్ని నమ్ముకోలేం. వేళ్ల జోలికైతే అసలు రానివ్వకూడదు.

ఎందుకంటే, సెలక్షన్ లోపల ఉన్నదంతా అది కొత్తగా గీస్తుంది. సెలక్షన్‌లో వేళ్లు కలిస్తే వేళ్లూ కొత్తవే వస్తాయి. గోళ్లు కరిగిపోయి, ఒక కణుపు ఎక్కువో తక్కువో అయి, రచయిత చెయ్యి ఎవరిదో చెయ్యి అయిపోతుంది. పోనీ వేళ్లు వదిలేసి కప్పు అంచు వెంబడే సెలక్షన్ పెడితే ఇంకో తంటా. ఆ సందులో ఎంత పడితే అంతే గీయాలి కాబట్టి, చాలాసార్లు కప్పు ఆకారంలోనే ఒక పుస్తకం వస్తుంది. దాని మీద అక్షరాల సంగతి చెప్పక్కర్లేదు. తెలుగు టైటిల్ అయితే గుండ్రటి గీతల ముగ్గు తయారవుతుంది. అందుకే కవర్ ఎప్పుడూ అసలుదే పెట్టాలి.

ఒక ఫొటో తీసుకుని చెబుతాను. రచయిత కెమెరాకి ఎదురుగా కూర్చుని కుడిచేత్తో తెల్లటి పేపర్ కప్పు పట్టుకున్నారు. లేత నీలం చొక్కా. ఫొటోలో ఎడమవైపు, కాస్త పైనుంచి కిటికీ వెలుతురు. నాలుగు వేళ్లు ఎడమ నుంచి వచ్చి కప్పు ముందువైపు చుట్టుకున్నాయి. బొటనవేలు వెనకాల ఉంది, కనిపించదు. పుస్తకానికి ఇది కలిసొచ్చే పట్టు. తెలుగు పుస్తకం కవర్ మనవైపు ఉంటే స్పైన్ ఎడమన ఉంటుంది. అది సరిగ్గా అరచేతిలోకి వెళ్తుంది, నాలుగు వేళ్లు కవర్ మీదికి వస్తాయి. కప్పు మందం ఏడెనిమిది సెంటీమీటర్లు, పుస్తకం మందం రెండు కూడా ఉండదు కదా అనొచ్చు. నిజమే, కానీ ఎదురు నుంచి తీసిన ఫొటోలో బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య దూరం కంటికి ఆనదు. అందుకే ఈ ఫొటో పనికొచ్చింది.

మొదట ఆ నాలుగు వేళ్లను పెన్ టూల్‌తో కట్ చేసి పైన వేరే లేయర్‌గా పెట్టుకోవాలి. గీతను వేలి అంచు మీద కాకుండా ఒక పిక్సెల్ లోపలికి లాగుతాను. అంచు పిక్సెల్స్‌లో కప్పు తెలుపు కలిసి ఉంటుంది. దాన్ని వదిలేస్తే ఈ పుస్తకం ఎర్రటి కవర్ మీద వేళ్ల చుట్టూ సున్నం గీత గీసినట్టు ఉంటుంది. మాస్క్‌కి అర పిక్సెల్ ఫెదర్ చాలు. వేళ్ల మధ్య సందులు మర్చిపోకూడదు, అక్కడ కూడా పుస్తకమే కనిపించాలి.

ఇప్పుడు కింది లేయర్ మీద కప్పునూ దాని మీది వేళ్లనూ కలిపి ధారాళంగా సెలక్ట్ చేసి, బాక్స్‌లో ఏమీ టైప్ చేయకుండా జెనరేటివ్ ఫిల్ కొట్టాలి. ఏమీ రాయకపోతే చుట్టూ ఉన్నదాన్ని బట్టి నింపుతుంది. మూడు రకాలు చూపిస్తుంది, చొక్కా మడత సహజంగా కుదిరినది తీసుకుంటాను. క్లోన్ స్టాంప్‌తో ఈ చొక్కా కట్టాలంటే అరపూట పట్టేది. ఇక్కడ మాత్రం దానికి పూర్తి మార్కులు ఇస్తాను. చొక్కా మీద పడిన కప్పు నీడను కూడా సెలక్షన్‌లో కలుపుకోవాలి, లేకపోతే కప్పు పోయినా దాని నీడ మిగులుతుంది. ఒక లోపం ఉంది. మొదట్లో వచ్చిన మోడల్ ఒక్కో విడతకి 1024 పిక్సెల్స్‌కి మించి గీసేది కాదు, పెద్ద సెలక్షన్ అయితే దాన్నే సాగదీసేది. ఫ్లెక్సీకి పెద్దది చేసేసరికి చొక్కా నేత మైనంలా కనిపించేది. అందుకని చిన్న చిన్న ముక్కలుగా నింపి, పైన కాస్త నాయిస్ కలపడం అలవాటైంది. ప్రతి విడతకీ క్రెడిట్లు ఖర్చవుతాయి కాబట్టి ఊరికే కొడుతూ కూర్చోలేం.

రెండు లేయర్ల మధ్య అసలు కవర్‌ని స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా పెట్టి, డిస్టార్ట్‌తో మూలలు సర్దుతాను. సైజు ఎంతుండాలో చెయ్యే చెబుతుంది. బొటనవేలు వదిలేస్తే మగవాళ్ల అరచెయ్యి వెడల్పు దాదాపు ఎనిమిది సెంటీమీటర్లు. 1/8 డెమీ పుస్తకం ఎత్తు ఇరవయ్యొకటిన్నర చిల్లర. అంటే పుస్తకం ఎత్తు చెయ్యి వెడల్పుకి రెండున్నర రెట్లు దాటి ఉండాలి. కప్పు ఉన్న చోటే ఇరికించాలని చూస్తే పాకెట్ డిక్షనరీలా తయారవుతుంది. వేళ్లు కవర్ అడుగుభాగంలో పడేలా జరిపితే టైటిల్ మీద చెయ్యి పడదు.

ఇంతవరకూ చేసినా వేళ్లు పుస్తకం ముందు గాల్లో తేలుతున్నట్టే ఉంటాయి. పట్టు అనేది నీడలో ఉంటుంది, అదీ రెండు నీడల్లో. ఒకటి వేలు కవర్‌ని తాకే చోట సన్నగా, చిక్కగా ఉండే గీత. మూడువేల పిక్సెల్స్ ఫొటోలో రెండు మూడు పిక్సెల్స్ మందం, దాదాపు బ్లర్ లేకుండా. రెండోది వెలుతురు దిశను బట్టి పడే మెత్తటి నీడ. మన ఫొటోలో వెలుతురు ఎడమ పైనుంచి కాబట్టి ప్రతి వేలికీ కిందా, వేలికొసకి కుడివైపూ పడాలి. రెండూ వేళ్లకీ కవర్‌కీ మధ్య మల్టిప్లై మోడ్‌లో వేర్వేరు లేయర్లుగా వేస్తాను. నలుపు వాడను. పక్కన చొక్కా మీదున్న నీడ ఎంత ముదురో చూసుకుని, కవర్ రంగునే ఆ మేరకు ముదర చేస్తాను. పుస్తకం నీడ చొక్కా మీద కూడా పడాలి, అది ఇంకా మెత్తగా, ఇంకా దూరంగా.

తెల్ల కప్పు నుంచి వెలుతురు వేళ్ల కింది అంచులకి కొట్టి ఉంటుంది. ఎర్ర కవర్ పట్టుకున్న చేతికి ఆ తెల్లటి మెరుపు ఎక్కడిది? వేళ్ల లేయర్‌కి కర్వ్స్ క్లిప్ చేసి ఆ అంచులను కాస్త దించి, పైన కలర్ మోడ్‌లో కవర్ ఎరుపుని పది శాతం లోపు రాస్తాను. ఇది చేసినప్పుడూ, చేయనప్పుడూ తేడా ఏమిటో క్లయింట్ చెప్పలేరు. కానీ చేయకపోతే "ఏదో అతికించినట్టుంది" అంటారు.

చివర్లో పైన ఒక కర్వ్స్ లేయర్ వేసి కాంట్రాస్ట్ విపరీతంగా పెంచి చూస్తాను. అతుకులు, దిశ తప్పిన నీడలు వెంటనే బయటపడతాయి. కవర్ మరీ నున్నగా కనిపిస్తే ఫొటోలో ఉన్నంత గ్రెయిన్ దానికీ కలపాలి.

ఎంత కష్టపడినా కుదరని ఫొటోలు ఉన్నాయి. పక్కనుంచి తీసినవి మొదటి రకం. బొటనవేలికీ వేళ్లకీ మధ్య కప్పు మందమంత సందు కనిపిస్తుంటే నిఘంటువు తప్ప ఏదీ పట్టదు. కప్పు గుండ్రటి అంచు చుట్టూ వేలికొసలు వెనక్కి తిరిగిపోయి, గోళ్లు పక్కనుంచి కనిపించేవి రెండోవి. చదునైన కవర్ మీద వేళ్లు అలా వంగవు. కప్పు చెవిలో వేలు దూర్చి పట్టుకున్నవైతే మొదలుపెట్టను కూడా. అలాంటప్పుడు అదే కిటికీ దగ్గర, అదే వేళకి, అదే సైజు పుస్తకం ఏదైనా పట్టుకుని చెయ్యి మాత్రం ఫోన్‌లో తీసి పంపమంటాను. ముఖం పాత ఫొటోది, చెయ్యి కొత్త ఫొటోది. మణికట్టు దగ్గర చొక్కా కఫ్ ఉంటే అతుకు అక్కడే వేస్తాను.