ఒంగోలాయన ‘జిన్ రమ్మీ కోచింగ్’కి డబ్బులు కట్టే ముందు ఇది చదవండి

ఒంగోలాయన ఒకాయన డబ్బులు తీసుకుని వాట్సాప్ బ్యాచ్ పెట్టి జిన్ రమ్మీ పేకాట నేర్పుతున్నాడు. 1,499 ఫోన్‌పే చేశా. డబ్బాట కాదు, ఊరికే పాయింట్లకి ఆడుకునేదే. పదమూడు ముక్కలాట చిన్నప్పట్నుంచీ వచ్చు, ఈ పది ముక్కల ఇద్దరాట కూడా నేర్చుకుందామని చేరా. కావలిలో పొద్దుపోక చేసిన ఘనకార్యం.

వీడియో క్లాసులో నాకూ, అదే బ్యాచ్‌లో ఉన్న కందుకూరు అన్నకీ ఆట పెట్టాడు. ఆట మొదట్లోనే నా చేతిలో మూడు ఏడ్లు (ఇస్పేటు, ఆటీను, డైమను), కళావరు 3-4-5 కుదిరిపోయాయి. విడిగా ఆటీను రాణి, ఆటీను 4, ఇస్పేటు 2, డైమను ఆసు. మూత ముక్క తీస్తే డైమను 3 వచ్చింది. రాణిని వదిలేస్తే డెడ్‌వుడ్, అంటే జత కుదరని ముక్కల లెక్క, 4, 3, 2, 1 కలిపి సరిగ్గా 10. నాక్ కొట్టి ఆట ముగించడానికి హద్దు కూడా 10 గదా! రాణిని బోర్లా పెట్టి నాక్ అనబోయా.

“ఆగు! పదితో నాక్ కొట్టేవాడు పిరికోడు. నా స్టూడెంట్లు జిన్నే కొడతారు, పాతిక బోనస్సు!” అని అరిచాడు మహానుభావుడు. డబ్బిచ్చి చేరాం గదా, వినాలి మరి. విన్నా.

విడి ముక్కలు నాలుగున్నాయి స్వామీ! ఎంత అదృష్టమున్నా జిన్‌కి, అంటే విడి ముక్కే లేకుండా ముగించడానికి, కనీసం రెండు మంచి ముక్కలు రావాలి. ముందు డైమను 2 రావాలి, ఆపైన ఏడ్లకో కళావరుకో ఆ డైమన్లకో కలిసే ముక్క ఇంకోటి రావాలి. అప్పటికి అన్న దగ్గర రాజులు మూడు, డైమను 8-9-10 కుదిరున్నాయి. విడిగా ఆటీను 5, 6, కళావరు 6, ఇస్పేటు 9, మొత్తం 26. నేను నాక్ కొట్టుంటే కళావరు 6ని నా 3-4-5కి అంటించుకునేవాడు, 20 మిగిలేది. నా 10 తీసేస్తే నాకు 10 పాయింట్లు. పెద్దవేం కాదు, కానీ నావి.

సరే, రాణిని పైకి వేశా. తర్వాత నాకు కళావరు 7 వచ్చింది, నాలుగు ఏడ్లయ్యాయి. ఇప్పుడు ఆటీను 4 వదిలేస్తే లెక్క 6. ఇక్కడైనా నాక్ కొట్టుంటే 14 వచ్చేవి. అదీగాక నాక్ కొట్టేటప్పుడు వదిలే ముక్క బోర్లా పోతుంది, ఎదుటోడు తీసుకోలేడు. కొట్టనివ్వలా. “చూశావా, పది ఆరయింది” అని మీసం దువ్వాడు. ఆ ఆటీను 4 పైకి పడగానే అన్న ఎగరేసుకుపోయి 4-5-6 కట్టి, ఇస్పేటు 9 పడేశాడు. తర్వాత నాకొచ్చిన ఆటీను రాజు ఎందుకూ పనికిరాక వేశా. అన్న దాన్ని తన రాజులకి చేర్చి కళావరు 6 వదిలాడు. జిన్. నా 6కి పాతిక కలిపి 31 అన్నకి.

ఇంతవరకూ ఆటే, ఓర్చుకుంటా. తర్వాత ఆ మనిషి నవ్వుతా, “నాక్ కొట్టమన్నా గదా, వినకపోతివి” అన్నాడు! నోట మాట రాలా. కందుకూరు అన్నే కల్పించుకుని “సార్, మీరే ఆపారు గదా” అంటే ఆయన్ని మ్యూట్ చేశాడు. డబ్బు వెనక్కి అడిగితే “నీకు ధైర్యం లేదబ్బాయ్, నీలాంటోళ్లకి తొక్కుడుబిళ్ల నేర్పాలి” అని రాసి గ్రూపులోంచి తీసేశాడు. నా వయసు నలభై ఆరు.

ఆయన పీడీఎఫ్ చూడండి, ఇంకా వినోదం. నాలుగు అయిదులు, డైమను 6, 7 ఉంటే డెడ్‌వుడ్ 13 అని లెక్క వేశాడు. డైమను 5ని తీసి 6, 7తో కలిపితే సీక్వెన్సు, మిగతా మూడు అయిదులు సెట్టు, లెక్క సున్నా! దీనికా పద్నాలుగొందల తొంభైతొమ్మిది?

ఉచితంగా చెప్తున్నా: ఆట మొదట్లో పది లోపు రాగానే కొట్టేయండి, అప్పటికి ఎదుటోడి చేతిలో బరువుంటుంది. జిన్‌కి ఒక్క ముక్కే దూరముండి, దాన్ని తెచ్చే ముక్కలు ఇంకా బయట పడకపోతే ఆగినా అర్థముంది. మూత ముక్కలు సగానికి పైగా అయిపోయాక మాత్రం పదితో కొట్టబాకండి. ఎదుటోడి లెక్క మీతో సమానమైనా, తక్కువైనా అండర్‌కట్, బోనస్సు వాడికే.

ఆదివారం బ్యాచ్‌కి కట్టినోళ్లుంటే చాట్ అంతా ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నన్ను తీసేసిన రాత్రే గ్రూపులో పాత మెసేజీలు చెరిపేశాడంట, అన్న చెప్పాడు.