మానిక్ చర్యకు ఫార్మాలినా, పారాఫార్మల్డిహైడా, రెడీమేడ్ ఇమీనియం లవణమా: ఏది మేలు?

పోయిన నెల నల్గొండ నుంచి మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. ఎమ్మెస్సీ ఆర్గానిక్ రెండో ఏడాది చదువుతున్నాడు. ప్రాజెక్టులో భాగంగా ఎసిటోఫినోన్‌తో మానిక్ బేస్ చేయాలట.

"అన్నా, మా ల్యాబ్‌ల ఫార్మాలిన్ సీసా నిండుగున్నది. పద్ధతిల మాత్రం పారాఫార్మల్డిహైడ్ అని రాసిండ్రు. రెండిట్ల ఉన్నది ఒకటే గదా, ఫార్మాలిన్ పోస్తే ఏమైతది?" అని అడిగాడు.

నేను జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో ప్రాసెస్ డెవలప్‌మెంట్ చేస్తాను. ఇదే ప్రశ్న కొత్తగా చేరిన పిల్లలు కూడా అడుగుతుంటారు. వాడికి ఫోన్‌లో చెప్పినదాన్నే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

చర్యలో పాల్గొనేవి మూడు: కీటోన్, ఫార్మల్డిహైడ్, సెకండరీ అమీన్. మన ఉదాహరణలో అమీన్ డైమిథైలమీన్. ముందు అమీన్‌లోని నైట్రోజన్ వెళ్లి ఫార్మల్డిహైడ్ కార్బన్‌ను పట్టుకుంటుంది. అక్కడి నుంచి ఒక నీటి అణువు ఊడిపోతే CH₂=N(CH₃)₂⁺ అనే ఇమీనియం అయాన్ మిగులుతుంది. ఈలోగా ఆమ్లం వల్ల ఎసిటోఫినోన్ కొద్దికొద్దిగా ఈనాల్ రూపంలోకి మారుతూ ఉంటుంది. ఆ ఈనాల్ ఇమీనియం కార్బన్‌కు అతుక్కుంటే వచ్చేదే C₆H₅COCH₂CH₂N(CH₃)₂. కార్బొనిల్ నుంచి రెండో కార్బన్ మీద నైట్రోజన్ ఉంది కాబట్టి బీటా అమైనో కీటోన్ అంటాం, మానిక్ బేస్ అంటే ఇదే. సెకండరీ అమీనే ఎందుకంటే దాని నైట్రోజన్ మీద ఒకే హైడ్రోజన్ ఉంటుంది, ఒకసారి అతుక్కుంటే అక్కడితో ఆగుతుంది. ప్రైమరీ అమీన్ తీసుకుంటే అదే నైట్రోజన్ రెండోసారి కూడా చర్యలోకి దిగి మిశ్రమాన్ని చిక్కుల్లో పెడుతుంది.

ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఆ ఊడిపోయే నీరు. ఇమీనియం ఏర్పడే మెట్టు రెండు వైపులా నడుస్తుంది. చుట్టూ నీరు ఎక్కువైతే ఇమీనియం మళ్లీ విరిగి అమీన్, ఫార్మల్డిహైడ్‌గా మారిపోతుంది. అందుకే ఫార్మల్డిహైడ్‌ను ఏ రూపంలో వేస్తున్నామన్నది ముఖ్యం.

ముందు వాడి చేతిలో ఉన్న ఫార్మాలిన్ సంగతి చూద్దాం. ఫార్మాలిన్ అంటే బరువులో సుమారు 37 శాతం ఫార్మల్డిహైడ్ ఉన్న నీటి ద్రావణం. గడ్డకట్టకుండా 10 నుంచి 15 శాతం దాకా మిథనాల్ కూడా కలిపి అమ్ముతారు. అందులో ఫార్మల్డిహైడ్ చాలావరకు నీటితో కలిసి మిథిలీన్ గ్లైకాల్‌గా ఉంటుంది, విడిగా ఉండేది కొంచెమే. మా తమ్ముడి స్కేలుకు, అంటే 0.1 మోల్ ఎసిటోఫినోన్‌కు, ఫార్మల్డిహైడ్ కొంచెం ఎక్కువ ఉండేలా లెక్కేస్తే పదిన్నర గ్రాముల ఫార్మాలిన్ కావాలి. దాంతోపాటు ఐదు గ్రాములకు పైగా నీరు ఫ్లాస్క్‌లోకి వస్తుంది. చర్య పూర్తిగా జరిగినా దానిలోంచి పుట్టే నీరు 1.8 గ్రాములే. అంటే చర్య మొదలుకాకముందే దానికి మూడింతల నీరు మనమే పోస్తున్నాం.

ఇంకో ఇబ్బంది కంటికే కనిపిస్తుంది. ఎసిటోఫినోన్ నీటిలో దాదాపు కరగదు. సాల్వెంట్ లేకుండా ఫార్మాలిన్, అమీన్ లవణం, ఎసిటోఫినోన్ కలిపి వేడిచేస్తే రెండు పొరలుగా విడిపోతుంది. ఇమీనియం నీళ్ల పొరలో, కీటోన్ నూనె పొరలో. స్టిర్రర్ ఆపగానే నూనె చుక్కలు మళ్లీ ఒకచోట చేరడం చూడొచ్చు. ఇథనాల్ పోస్తే ఒకటే పొర అవుతుంది, నీరు మాత్రం ఎక్కడికీ పోదు.

అట్లాగని ఫార్మాలిన్‌ను తీసిపారేయలేం. సైక్లోహెక్సనోన్ నీటిలో కొంత కరుగుతుంది, ఈనాల్‌గా కూడా ఎసిటోఫినోన్ కంటే తేలిగ్గా మారుతుంది. దానితో ఫార్మాలిన్ చక్కగా పనిచేస్తుంది. కీటోన్‌ను కొంచెం ఎక్కువ తీసుకుంటే చాలు, ఒకే అణువుకు రెండుసార్లు అమైనోమిథైల్ అతుక్కోవడం తగ్గుతుంది. అట్లా వచ్చే 2-డైమిథైలమైనోమిథైల్ సైక్లోహెక్సనోన్ నుంచే ట్రమడాల్ అనే నొప్పి మందు తయారవుతుంది. కాబట్టి కీటోన్ నీటితో కలిసే రకమైతే ఫార్మాలిన్ చవక, తేలిక. ఎసిటోఫినోన్ లాంటి ఆరోమాటిక్ కీటోన్లకైతే నేను వద్దంటాను.

మా తమ్ముడికి పారాఫార్మల్డిహైడే తీసుకోమన్నాను. ఇది ఫార్మల్డిహైడ్ అణువులు గొలుసుగా కట్టుకున్న తెల్లటి పొడి. ఆమ్లం, వేడి తగిలితే గొలుసు తెగి ఫార్మల్డిహైడ్ కొంచెం కొంచెంగా విడుదలవుతుంది. దాంతో అదనపు నీరు రాదు.

వాడికి చెప్పిన కొలతలివి. ఎసిటోఫినోన్ 12 గ్రాములు, డైమిథైలమీన్ హైడ్రోక్లోరైడ్ 10.6 గ్రాములు, పారాఫార్మల్డిహైడ్ 4 గ్రాములు, 95 శాతం ఇథనాల్ 16 మిల్లీలీటర్లు, గాఢ HCl నాలుగు చుక్కలు, అంటే 0.2 మిల్లీలీటర్లు. అమీన్, ఫార్మల్డిహైడ్ రెండూ కీటోన్ కంటే మూడో వంతు దాకా ఎక్కువ. స్టీమ్ బాత్ మీద రెండు గంటలు రిఫ్లక్స్. మొదట్లో తెల్లగా మజ్జిగలా ఉంటుంది. కొంతసేపటికి పొడి కరిగి, లేత పసుపు రంగులో తేటగా అవుతుంది. చర్య నడుస్తోందనడానికి మొదటి గుర్తు అదే.

"ఆమ్లం ఎక్కువేస్తే తొందరగా అయితదేమో?" అన్నాడు. కాదు. అమీన్ మొత్తం ప్రోటాన్ పట్టుకుని కూర్చుంటే ఫార్మల్డిహైడ్‌ను పట్టుకోవడానికి నైట్రోజన్ మీద జంట ఎలక్ట్రాన్లు ఖాళీగా ఉండవు. ఆమ్లం బొత్తిగా లేకపోతే ఇటు పారాఫార్మల్డిహైడ్ విడిపోదు, అటు కీటోన్ ఈనాల్‌గా మారదు. అమీన్‌ను హైడ్రోక్లోరైడ్ లవణంగా వేసి నాలుగు చుక్కల ఆమ్లం చేర్చడం ఈ రెండింటి మధ్య తూకం. పైగా గాఢ HCl, ఫార్మల్డిహైడ్ కలిసినచోట బిస్‌క్లోరోమిథైల్ ఈథర్ అనే క్యాన్సర్ కారకం కొద్దిగా పుట్టే అవకాశం ఉంది. ఫార్మల్డిహైడే స్వయంగా క్యాన్సర్ కారకం. పని మొత్తం ఫ్యూమ్ హుడ్‌లోనే చేయమని గట్టిగా చెప్పాను.

పారాఫార్మల్డిహైడ్‌తో వచ్చే చిక్కు కండెన్సర్‌లో ఉంటుంది. వేడి ఎక్కువైతే ఫార్మల్డిహైడ్ ఆవిరిగా పైకి ఎగిరి, చల్లటి గాజు మీద మళ్లీ తెల్లటి పొరగా పేరుకుంటుంది. అది అక్కడే ఉండిపోతే ఫ్లాస్క్‌లో అంతమేరకు తక్కువ పడినట్టే. కండెన్సర్ లోపల తెల్ల రింగు కనిపిస్తే కొంచెం ఇథనాల్‌తో కిందికి కడగాలి, వేడి తగ్గించాలి. మూసుకుపోయేదాకా మాత్రం రానివ్వొద్దు.

రెండు గంటలయ్యాక టీఎల్‌సీ. ఎసిటోఫినోన్ మచ్చ పైకి పోతుంది, ఉత్పన్నం లవణం కాబట్టి అడుగునే ఉండిపోతుంది. అమీన్లను పట్టిచ్చే డ్రాగెన్‌డార్ఫ్ ద్రావణం చల్లితే అడుగు మచ్చ నారింజ రంగుకు తిరుగుతుంది. అయితే మిగిలిన అమీన్ కూడా అడుగునే ఉంటుంది కాబట్టి ఆ రంగు చూసి మురిసిపోవద్దు. పైన ఎసిటోఫినోన్ మచ్చ పలచబడిందా లేదా అన్నదే చూడాలి.

తర్వాత వేడివేడిగా వడపోసి, వెచ్చగా ఉండగానే 80 మిల్లీలీటర్ల ఎసిటోన్ పోసి, మెల్లగా చల్లారనిచ్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున పెద్ద పెద్ద స్ఫటికాలుంటాయి. సిద్ధాంతం ప్రకారం 21.4 గ్రాములు రావాలి, 15 దగ్గర వస్తే మంచి పని చేసినట్టే.

లవణాన్ని లవణంగానే ఉంచమని ప్రత్యేకంగా చెప్పాను, ఎందుకంటే నేను ఒకసారి దెబ్బతిన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి ఉత్పన్నాన్నే సోడియం హైడ్రాక్సైడ్‌తో ఫ్రీ బేస్ చేసి, రోటావేపర్‌లో బాత్ వేడి 60 డిగ్రీల మీద పెట్టి టీకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి కళ్లు మండే ఘాటు వాసన. క్షారం, వేడి రెండూ తగిలితే డైమిథైలమీన్ ఊడిపోయి ఫినైల్ వినైల్ కీటోన్ తయారవుతుంది, అది తనంత తాను పాలిమర్ కూడా అవుతుంది. ఫ్లాస్క్ అడుగున జిగురు మిగిలింది. ఎన్‌ఎంఆర్‌లో 6 నుంచి 7 పీపీఎం మధ్య వినైల్ శిఖరాలు కనిపిస్తే ఈ తప్పు జరిగిందని అర్థం. ఫ్రీ బేస్ తప్పనిసరైతే చల్లగా చేసి, అదే రోజు వాడేయాలి.

ఇక మూడోది, రెడీమేడ్ ఇమీనియం లవణం. ఎషెన్‌మోసర్ బృందం 1971లో ప్రచురించిన డైమిథైల్‌మిథిలీన్ అమ్మోనియం అయొడైడ్ ఇది. నీరు పుట్టే మెట్టే ఉండదు, ఆమ్లం అక్కర్లేదు, ఇమీనియం సీసాలోంచే వస్తుంది. మరి అందరూ దీన్నే ఎందుకు వాడరు? 0.1 మోల్‌కు 18.5 గ్రాములు కావాలి, ధర ఎక్కువ. గాలిలోని తేమను లాక్కుని పాడవుతుంది. వానాకాలంలో సీసా మూత తీసి తీరిగ్గా తూకం వేసే వస్తువు కాదు, నైట్రోజన్ కింద పట్టుకోవాలి. ఎసిటోఫినోన్‌కు ఇది అనవసరపు ఖర్చు, ఎందుకంటే దానికి చర్య జరిగే వైపు ఒక్కటే.

దీని అసలు విలువ బ్యూటనోన్ లాంటి రెండు వైపుల కీటోన్ దగ్గర తెలుస్తుంది. ఆమ్లంలో పాత పద్ధతిలో చేస్తే ఎక్కువగా CH₂ వైపు అతుక్కుంటుంది, ఎందుకంటే అటువైపు ఈనాల్ స్థిరమైనది. మనకు CH₃ వైపు కావాలంటే ఫార్మాలిన్ పనికిరాదు, పారాఫార్మల్డిహైడ్ కూడా పనికిరాదు. పొడి టీహెచ్‌ఎఫ్‌లో −78 డిగ్రీల దగ్గర ఎల్‌డీఏ అనే బలమైన క్షారంతో తక్కువ అడ్డున్న CH₃ వైపు ఈనోలేట్ చేసుకుని, దానికి ఈ లవణం ఇవ్వాలి. క్షారం, చలి, నీరు లేని సాల్వెంట్ మధ్య ఇమీనియం అక్కడికక్కడే పుట్టే దారి లేదు కాబట్టి తయారుగా ఉన్నదే కావాలి. అలాంటి పనికైతే ధర చూడకుండా నేను దీన్నే ఎంచుకుంటాను.

పది రోజుల తర్వాత మా తమ్ముడు వాచ్ గ్లాస్ ఫోటో పంపాడు. 14.6 గ్రాములు, తెల్లటి స్ఫటికాలు. "అన్నా, మెల్టింగ్ పాయింట్ 139 వచ్చింది, శుద్ధమైనదానికి 155 అని ఉన్నది. ఖరాబైనట్టేనా?" అని టెన్షన్ పడ్డాడు. మొదటిసారి వచ్చిన స్ఫటికాలు 138 నుంచి 141 దగ్గర కరగడం ఈ పదార్థానికి మామూలే. వేడి ఇథనాల్‌లో కరిగించి, మెల్లగా ఎసిటోన్ పోస్తూ ఇంకోసారి స్ఫటికీకరించమన్నాను. సాయంత్రం మెసేజ్ వచ్చింది: 155. తేమ పీల్చకుండా వెంటనే డెసికేటర్‌లో పెట్టమని బదులిచ్చాను.