కొత్త ఇంట్లో రెండేళ్ల పిల్లాడి నిద్ర: చాప జరిపే పద్ధతిని ఏడాది వాడాక

పిల్లల నిద్ర గురించి చెప్పేవాళ్ల దగ్గర కుర్చీ పద్ధతి అని ఒకటి వినిపిస్తుంది. పడుకోబెట్టి, పక్కనే కుర్చీ వేసుకుని నిద్రపోయేదాకా కూర్చోవాలి. కొన్ని రాత్రులకొకసారి కుర్చీని కాస్త తలుపు వైపు జరపాలి. మా ఇంట్లో కుర్చీ బదులు చాప వేశాం. దాదాపు ఏడాదిగా ఇదే నడుస్తోంది. ఇల్లు మారిన పిల్లలకు ఇది ఎంతవరకు పనికొస్తుందో రాస్తున్నాను.

హాలియా దగ్గరి ఊళ్లో మాది ఉమ్మడి ఇల్లు. మావాడు పుట్టినప్పటి నుంచి నాయనమ్మ పక్కన నవారు మంచం మీదే పడుకున్నాడు. ఆమె చెయ్యి వీపు మీద ఉంటేనే నిద్ర పట్టేది. వాడికి రెండేళ్లు దాటాక మా ఆయన ఉద్యోగం వల్ల నల్లగొండకు వచ్చి, రైలు పట్టాలకు దగ్గరగా రెండు గదుల పోర్షన్ తీసుకున్నాం. వాడి వైపు నుంచి చూస్తే ఒక్క రోజులో ఇల్లు పోయింది, మంచం పోయింది, నాయనమ్మ దూరమైంది. రాత్రి తొమ్మిదికి పడుకోబెడితే పదిన్నర దాకా ఏడుపే. మళ్లీ ఒంటి గంటకు, మూడింటికి లేచేవాడు. ఎత్తుకుని తిప్పితే తప్ప పడుకునేవాడు కాదు.

అర్ధరాత్రి మెలకువే జబ్బు కాదు. పెద్దవాళ్లకైనా పిల్లలకైనా నిద్ర ఒక్క మూటగా సాగదు, మధ్యమధ్యలో పైకి తేలి మళ్లీ మునుగుతుంది. అలా తేలినప్పుడు తను ఏ స్థితిలో కళ్లు మూశాడో అదే కనిపిస్తే పిల్లాడు అటు తిరిగి పడుకుంటాడు. భుజం మీద కళ్లు మూసి పరుపు మీద తెరిస్తే పూర్తిగా లేచి కూర్చుంటాడు. అందుకే ఒంటి గంట ఏడుపుకు మందు తొమ్మిది గంటల దగ్గరే ఉంది.

అలాగని ఇల్లు మారిన మొదటి వారంలోనే చాప జరపడం మొదలుపెట్టకూడదు. ఏడ్చినా వదిలేస్తే అలవాటవుతుందని మాకు చాలామంది చెప్పారు. ఇప్పుడే ఒక మనిషి దూరమైన పిల్లాడికి అది సరిపడదని నా గట్టి అభిప్రాయం. మొదటి రెండు మూడు వారాలు పక్కనే పడుకున్నాం. ఆ రోజుల్లో చేసిందల్లా పడుకునే ముందు పనుల వరస మార్చకుండా ఉంచడం. గోరువెచ్చని నీళ్ల స్నానం, పెరుగన్నం, పళ్లు తోమడం, ఒకే కథ, లైటు ఆర్పడం. అంతా కలిపి ముప్పావుగంట. ఊళ్లో కప్పుకున్న నాయనమ్మ పాత చీరల బొంతను ఉతక్కుండానే తెచ్చాం. కొత్త గదిలో వాడు గుర్తుపట్టే వాసన అదొక్కటే. మొదటి రాత్రి దాని అంచును ముక్కు దగ్గర పెట్టుకుని వేళ్లతో కుట్లు లెక్కపెడుతున్నట్టు తడుముతూ ఉన్నాడు. మరకలు పడినా చాలా రోజులు దాన్ని నీళ్లలో వేయలేదు. పగటిపూట అదే గదిలో దాగుడుమూతలు ఆడాం. రైలు కూతకు ఉలిక్కిపడేవాడని సాయంత్రాలు రోడ్డు మీద దూరంగా నిలబడి రైళ్లు చూపించాం. వారం తిరిగేసరికి రాత్రి కూత వినిపిస్తే 'బండి పోయింది' అనడం నేర్చుకున్నాడు.

తర్వాత వేళ సరిచేశాం. ఈ ముక్క చాలామంది వదిలేస్తారు, పద్ధతి పనిచేయలేదంటారు. తొమ్మిదికి పడుకోవాలని మనం అనుకుంటే సరిపోదు, వాడికి నిజంగా నిద్ర పట్టే వేళ ఏదో చూడాలి. మావాడికి అది పదింబావు. అందుకని కొన్ని రోజులు పదింటికే లైటు ఆర్పాం. తొందరగా పడుకోవడం కుదిరాక మూడు నాలుగు రోజులకొకసారి పావుగంట ముందుకు తెచ్చాం. పొద్దున మాత్రం రాత్రి ఎలా గడిచినా ఏడుకే లేపేవాళ్లం. మధ్యాహ్నం నిద్ర మూడున్నర దాటనివ్వలేదు. ఏడాది నుంచి రెండేళ్ల వయసుకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి ఐదేళ్లకు 10 నుంచి 13 గంటలు అని వైద్యులు చెప్పే లెక్క. మధ్యాహ్నం ఎక్కువైతే రాత్రిలోంచి తగ్గుతుంది. లైటు ఆర్పాక పావుగంట, ఇరవై నిమిషాల్లో నిద్ర పడితే వేళ కుదిరినట్టే. అరగంట దాటి దొర్లుతుంటే అది మొండితనం కాదు, ఇంకా నిద్ర రాలేదన్నమాట.

అప్పుడు చాప సంగతి. మొదట వాడి పరుపుకు ఆనించి వేసుకుని, వీపు మీద చెయ్యి వేసి, నిద్ర పట్టబోతుండగా తీసేదాన్ని. మూడు నాలుగు రాత్రుల తర్వాత చెయ్యి పరుపు మీద మాత్రమే. ఆ తర్వాత చాపను జానెడు జరపడం, మరి కొన్నాళ్లకు మూరెడు. మాటలు తక్కువ, ఫోన్ గదిలో ఉండదు. లేచి కూర్చుంటే 'అమ్మ ఇక్కడే ఉంది, పడుకో నాన్నా' అని ఒకే మాట. రాత్రి లేచినప్పుడూ అంతే, చాప ఎక్కడ ఉందో అక్కడి నుంచే. గునుస్తూ, ఆగుతూ, మళ్లీ గునిస్తే అది నిద్రలోకి జారే ఏడుపు, కదలక్కర్లేదు. ఆగకుండా పెరుగుతూ పోతే దగ్గరికెళ్లి నిమరాలి, ఆ రాత్రికి చాప వెనక్కి తెచ్చుకోవాలి. మేం గది బయటిదాకా వెళ్లలేదు. అందరం ఒకే గదిలో పడుకునే ఇల్లు మాది, అది మాకు అక్కర్లేదు. ఎదురు గోడ దగ్గర చాప ఆగిపోయింది. అప్పటికి ఎత్తుకోవడం పూర్తిగా మానేశాం.

అన్నింటికన్నా ఎక్కువ తేడా కనిపించింది నాయనమ్మ రాకపోకల్లో. సంక్రాంతికి వచ్చి వారం ఉంది. చూస్తే ఏడుస్తాడని తెల్లవారుజామున వాడు నిద్రలో ఉండగానే బస్సెక్కింది. పెద్దలందరూ ప్రేమతో చేసే పనే ఇది. కానీ ఆ రాత్రి నుంచి వాడు నా కొంగు చుట్టుకుని, కళ్లు మూతలు పడుతుంటే బలవంతంగా తెరిచి చూడడం మొదలుపెట్టాడు. నిద్రపోతే మనిషి మాయమవుతుందని వాడికి తెలిసిపోయింది మరి. చాప మళ్లీ పరుపుకు ఆనించాల్సి వచ్చింది. ఉగాదికి వచ్చినప్పుడు అత్తమ్మతో ముందే మాట్లాడాను. వెళ్లే ముందురోజు 'రేపు పొద్దున బువ్వ తిన్నాక నేను ఊరికి పోత, మళ్ల వస్త' అని ఆమే వాడితో చెప్పింది. గుమ్మం దగ్గర బొట్టుబొట్టుగా కన్నీళ్లు కార్చాడు, కాసేపటికి ఆటలో పడ్డాడు. రాత్రి మామూలుగానే పడుకున్నాడు. అప్పటి నుంచి నేను వంటింట్లోకి లేచి వెళ్లినా చెప్పే వెళ్తాను. నాయనమ్మ వీడియో కాల్ కూడా పడుకునే ముందు కాదు, సాయంత్రం ఆరింటికి.

ఈ పద్ధతి అన్నిటికీ సరిపోదు. జ్వరం వచ్చినప్పుడు, ఊరికి వెళ్లినప్పుడు చాపను పక్కన పెట్టాలి, తిరిగొచ్చాక రెండు మెట్లు వెనక నుంచి మొదలుపెట్టాలి. పడుకున్న కొద్దిసేపటికే కెవ్వున అరిచి, కళ్లు తెరిచే ఉన్నా మనల్ని గుర్తుపట్టకపోతే అది భయంతో లేవడం కాదు. వాడు ఇంకా గాఢ నిద్రలోనే ఉంటాడు. లేపకుండా, దెబ్బ తగలకుండా చూస్తే తనే సద్దుకుంటాడు, తెల్లారితే ఏమీ గుర్తుండదు. రోజూ గట్టిగా గురక పెట్టినా, నిద్రలో ఊపిరి ఆగినట్టు అనిపించినా, వచ్చిన మాటలు, తిండి తగ్గిపోతున్నా పిల్లల డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

మా దగ్గర ఇంకా తీరనిది ఎండాకాలం కరెంటు. కూలర్ ఆగిన రాత్రి వాడు చెమటకు లేస్తాడు, ఏ చాపా పనిచేయదు. తడి గుడ్డతో ఒళ్లు తుడిచి, విసనకర్ర పట్టుకుని పక్కనే పడుకుంటాను. మరుసటి రాత్రి చాప మళ్లీ గోడ దగ్గరే వేస్తాను. ఒక్క రాత్రి తేడాకు ఇప్పుడు వాడు పాత అలవాటులోకి జారడం లేదు.