జాగ్రత్త: కోల్డ్ రూమ్‌కు "10కె" సెన్సర్ కొనేవారికి ఒక హెచ్చరిక

విశాఖపట్నంలో రొయ్యలు, చేపలు నిల్వ చేసుకోవడానికి కోల్డ్ రూమ్ కట్టిస్తున్నవారు, ఉన్న గదికి సెన్సర్లు మార్పిస్తున్నవారు, పొట్లం మీద "10కె ఎన్‌టీసీ" అని మాత్రమే రాసి ఉన్న ఉష్ణోగ్రత ప్రోబ్‌లను దయచేసి పరీక్షించకుండా బిగించవద్దు. ఆటోనగర్‌లోని మా గది ప్రారంభానికి ముందు రాత్రి జరిగినది చదివితే కారణం మీకే తెలుస్తుంది.

గది చల్లదనాన్ని బట్టి కంప్రెసర్‌ను నడిపే, ఆపే కంట్రోలర్‌తో పాటు వచ్చిన ప్రోబ్ తీగ చాలా పొట్టిది కావడంతో, నగరంలోని ఒక విడిభాగాల దుకాణంలో కంట్రోలర్ మోడల్ చూపించి, దానికి సరిపోయే పొడవు తీగ ప్రోబ్‌లు రెండు కొన్నాను. ఒకటి కంట్రోలర్‌కు, రెండవది అదే రకం సెన్సర్ కోసం తయారైన ఉష్ణోగ్రత రికార్డర్‌కు బిగించారు. యంత్రం నడపక ముందు గదిలో రెండూ 28 డిగ్రీలు చూపించాయి, గోడకు తగిలించిన థర్మామీటర్‌తోనూ సరిపోయాయి. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

కమిషనింగ్‌కు వచ్చిన ఇంజనీర్ చదువు ముగించి ఎంతో కాలం కాని అమ్మాయి. రాత్రి డిస్‌ప్లే మైనస్ 18 చూపి కంప్రెసర్ ఆగిపోగానే మేమందరం పని అయిపోయిందనుకున్నాం గాని, ఆమె మాత్రం గ్యాస్ ఒత్తిడి చూపే గేజ్ దగ్గర నుంచి కదలలేదు. మా యూనిట్‌లో గది గాలి కంటే దాన్ని చల్లబరిచే కాయిల్ సుమారు 7 డిగ్రీలు చల్లగా నడుస్తుంది. ఆ లెక్కన గది నిజంగా మైనస్ 18కి చేరితే, ఆర్404ఎ గ్యాస్‌కు సక్షన్ గేజ్ 1.5 బార్ దగ్గరకు దిగాలి. కంప్రెసర్ ఆగే ముందు వరకూ ముల్లు 2 బార్‌కు కాస్త పైనే నిలిచి ఉంది. "సార్, గేజ్ ఒక మాట చెబుతోంది, డిస్‌ప్లే ఇంకో మాట చెబుతోంది" అన్నది. రికార్డర్ కూడా మైనస్ 18 అనే చూపుతోంది కదా అని నేను అడిగితే, రెండు ప్రోబ్‌లూ ఒకే దుకాణంలో ఒకేసారి కొన్నవి కాబట్టి ఒకదానికి మరొకటి సాక్ష్యం కాదని బదులిచ్చింది.

వాచ్‌మన్ టీ ఫ్లాస్కు కడిగించి, మంచినీటి ఐసును దంచి నింపి, అది ముద్దలా అయ్యేంత నీరు పోసి కలిపింది. ఫ్రీజర్ నుంచి తీసిన, నీరు కలపని ఐసు ముక్కలు సున్నా కంటే చల్లగా ఉంటాయని, నీటితో కలిసి కరుగుతున్న ఐసు మాత్రమే సున్నా దగ్గర నిలుస్తుందని చెబుతూ, ప్రోబ్ మొనను మధ్యలో ముంచి కొన్ని నిమిషాలు కలుపుతూ ఉంది. డిస్‌ప్లే మైనస్ 4 దగ్గర ఆగింది. ప్రోబ్‌ను ఐసులోనే ఉంచి, తీగలను కంట్రోలర్ నుంచి విడదీసి మల్టీమీటర్ పెడితే దాదాపు 32,600 ఓమ్‌లు వచ్చింది. మా కంట్రోలర్ పట్టిక ప్రకారం సున్నా దగ్గర అది 27,280 ఓమ్‌లు ఉండాలి.

అసలు సంగతి ఇది. "10కె" అంటే 25 డిగ్రీల దగ్గర నిరోధం 10,000 ఓమ్‌లని మాత్రమే అర్థం. చల్లబడే కొద్దీ ఆ నిరోధం ఎంత వేగంగా పెరుగుతుందో బీటా విలువ చెబుతుంది. మా కంట్రోలర్‌కు కావలసినది 3435 బీటా, దుకాణదారు అంటగట్టినది 3950 రకం. గది వేడిగా ఉన్నప్పుడు ఈ రెండింటికీ తేడా కనిపించదు, సున్నా దగ్గర 4 డిగ్రీలు, మరింత కిందకు పోతే ఇంకా ఎక్కువ తేడా వస్తుంది. డిస్‌ప్లే మైనస్ 18 అన్నప్పుడు మా గది నిజానికి మైనస్ 12 దగ్గరే ఉంది. రొయ్యలు లోపలి దాకా మైనస్ 18లో ఉండవలసిన గదిలో, రికార్డు కాగితాలన్నీ సరిగ్గా ఉంటూనే సరుకు పాడయ్యేది.

దుకాణదారుకు ఫోన్ చేస్తే, సెట్టింగ్‌లో 4 డిగ్రీలు కలుపుకుంటే సరిపోతుందన్నాడు. దయచేసి ఈ సలహా వినకండి. అలా కలిపితే సున్నా దగ్గర మాత్రమే సరిపోతుంది, మైనస్ 18 దగ్గర ఇంకా 3 డిగ్రీల తేడా మిగిలిపోతుంది.

ఆమె కంట్రోలర్ పెట్టెలోని అసలు ప్రోబ్‌ను తీసి, ముందు ఐసులో పరీక్షించి, మామూలు రెండు పోగుల తీగతో పొడవు పెంచి, అతుకును టంకం వేసి గది బయట ఉంచింది. వేల ఓమ్‌ల సెన్సర్‌కు తీగలో పెరిగే ఒకటి రెండు ఓమ్‌లు లెక్కలోకి రావు. అది బిగించగానే డిస్‌ప్లే మైనస్ 12కు ఎగబాకింది, కంప్రెసర్ మళ్లీ మొదలైంది. పూజ అనుకున్న వేళకే చేశాం. సరుకును మాత్రం, గేజ్ కూడా ఒప్పుకున్న తరువాతే, మధ్యాహ్నం లోపల పెట్టించాం.

కొనేటప్పుడు బీటా విలువను బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే ఆ ప్రోబ్ తీసుకోవద్దు. ఇప్పటికే బిగించినవారు సరుకు నింపక ముందు ఐసు పరీక్ష చేయించండి, రికార్డర్ ప్రోబ్‌ను కూడా వదలకండి. మా దుకాణదారు డబ్బు తిరిగి ఇవ్వలేదు, అదే రకం పొట్లాలు ఇంకా అతని బల్ల మీదే అమ్మకానికి ఉన్నాయి.