లేఆఫ్, రిట్రెంచ్‌మెంట్, టర్మినేషన్: ఉద్యోగం పోయేటప్పుడు ఏ కాగితం మేలు?

హెచ్‌ఆర్ గదిలోకి పిలిచి "మీరే రిజైన్ చేస్తే మీకే మంచిది, ఎక్స్‌పీరియన్స్ లెటర్ క్లీన్‌గా ఇస్తాం" అంటారు. చాలామంది ఆ టెన్షన్‌లో అక్కడికక్కడే మెయిల్ పెట్టేస్తారు. కంపెనీ తనంతట తాను తీసేస్తే చట్టం ఏమి ఇస్తుందో, రాజీనామాతో ఏం పోతుందో తెలిసిన తర్వాతే ఆ మెయిల్ పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ముందు లేఆఫ్ సంగతి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో మనుషుల్ని తీసేయడాన్ని అందరూ లేఆఫ్ అనే అంటారు. భారతీయ చట్టంలో మాత్రం లేఆఫ్ అంటే ఉద్యోగం పోవడం కాదు. కరెంటు లేకో, ముడిసరుకు అందకో, యంత్రం పాడయ్యో యాజమాన్యం కొన్నాళ్లు పని ఇవ్వలేకపోవడం. పేరు రిజిస్టర్‌లోనే ఉంటుంది. 50 మందికి తగ్గకుండా పనిచేసే ఫ్యాక్టరీలు, గనులు, తోటల్లో ఏడాది సర్వీసు నిండినవారికి ఆ రోజులకు బేసిక్, డీఏలో సగం ఇవ్వాలి. ఉద్యోగం కొనసాగుతోంది కాబట్టి రిలీవింగ్ లెటర్, పంపించేటప్పుడు కంపెనీ ఇచ్చే సెవరెన్స్ డబ్బు అన్న ప్రశ్నే రాదు.

ఆఫీసు ఉద్యోగికి అసలు పోలిక రిట్రెంచ్‌మెంట్‌కు, తప్పు మోపి తీసేసే టర్మినేషన్‌కు, రాజీనామాకు మధ్య. కంపెనీ ఇచ్చే కాగితం మీద ఏ మాట ఉన్నా, క్రమశిక్షణ చర్యగా వేసిన శిక్ష కానంతవరకు, యజమాని ఏ కారణంతో తీసేసినా అది రిట్రెంచ్‌మెంటే అని సుప్రీంకోర్టు 1990లోనే తేల్చింది. రిటైర్మెంట్, గడువు ముగిసిన కాంట్రాక్టు వంటి కొన్ని మినహాయింపులు చట్టంలోనే ఉన్నాయి. ఉద్యోగి తనంతట తాను మానేస్తే మాత్రం అది రిట్రెంచ్‌మెంట్ కాదు. హెచ్‌ఆర్ రాజీనామా మెయిల్ కోసం అంత పట్టుబట్టడం వెనుక ఇదీ ఒక కారణం.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఏడాది నిరంతర సర్వీసు ఉన్న వర్కర్‌ను రిట్రెంచ్ చేయాలంటే నెల ముందు కారణాలతో రాతపూర్వక నోటీసు లేదా ఆ నెల వేతనం ఇవ్వాలి. దాంతోపాటు ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం చెల్లించాలి. చివర్లో ఆరు నెలలు దాటిన ముక్క ఉంటే అదీ పూర్తి ఏడాదే. ఇంకో 15 రోజుల వేతనం రీ-స్కిల్లింగ్ నిధి ద్వారా 45 రోజుల్లోపు ఖాతాలో పడాలి.

ఒక టెస్టింగ్ ఇంజినీర్‌ని తీసుకుందాం. నెల జీతం 60,000, అందులో బేసిక్ 30,000. కొత్త కోడ్ లెక్కలో వేతనం కూడా 30,000 అనుకుందాం. సర్వీసు 6 ఏళ్ల 8 నెలలు, అంటే లెక్కకు 7 ఏళ్లు. ఆఫర్ లెటర్‌లో ఇరువైపులా రెండు నెలల నోటీసు అని రాసి ఉంది. ఇప్పుడు కంపెనీ "రేపటి నుంచి రానక్కర్లేదు, రిజైన్ చేస్తే రెండు నెలల జీతం సెవరెన్స్ ఇస్తాం" అంటోంది. చేతికి 1,20,000 వస్తుందంటే పెద్ద మొత్తంగానే కనిపిస్తుంది.

కానీ కంపెనీయే తీసేస్తే ఆ రెండు నెలల జీతం నోటీసు కింద కాంట్రాక్టు ప్రకారం ఎలాగూ ఇవ్వాల్సిందే. దానిపైన రిట్రెంచ్‌మెంట్ పరిహారం 15,000 చొప్పున ఏడేళ్లకు 1,05,000. రీ-స్కిల్లింగ్ కింద మరో 15,000. మొత్తం 2,40,000. గ్రాట్యుటీ ఇందులో కలపలేదు. అది 30,000ను 26తో భాగించి, 15తో, 7తో గుణిస్తే దాదాపు 1,21,154. ఐదేళ్లు దాటాయి కాబట్టి రాజీనామా చేసినా అది వస్తుంది. అంటే ఆ కంపెనీ సెవరెన్స్ పేరుతో నోటీసు జీతమే ఇచ్చి, 1,20,000 మిగుల్చుకుంటోంది. గ్రాట్యుటీని కూడా సెవరెన్స్ మొత్తంలో కలిపి చూపించే కంపెనీలు ఉంటాయి. సెటిల్‌మెంట్ షీట్‌లో ఒక్కో పద్దు విడిగా అడగండి.

ఈ లెక్కకు ఒక పరిమితి ఉంది. ఇది చట్టం దృష్టిలో వర్కర్ అయినవారికే. మేనేజర్ పని చేసేవారు, నెలకు 18,000 దాటిన వేతనంతో సూపర్‌వైజర్ పని చేసేవారు ఇందులోకి రారు. కోర్టులు హోదా పేరు కంటే చేసే పనినే చూస్తాయి. లీడ్ అని పేరున్నా రోజంతా కోడ్ రాసే మనిషి వర్కర్‌నని వాదించొచ్చు. సెలవులు మంజూరు చేసే, అప్రైజల్స్ రాసే మనిషికి అది కష్టం. అలాంటివారికి ఆఫర్ లెటరే ఆధారం, బేరమే దారి. వారికి మూడు నాలుగు నెలల జీతం వస్తుందంటే రాజీనామాయే మేలు కావచ్చు.

ఇక తప్పు మోపి తీసేయడం. దొంగతనం, మోసం, డేటా బయటికి పంపడం లాంటి ఆరోపణలకు ఛార్జిషీట్ ఇచ్చి, జవాబు తీసుకుని, విచారణ జరపాలి. అందులో తేలితే నోటీసు జీతం, పరిహారం రెండూ పోతాయి. అప్పుడైనా పనిచేసిన రోజుల జీతం, పీఎఫ్ ఆపకూడదు. గ్రాట్యుటీని కూడా ఇష్టం వచ్చినట్టు కోయలేరు. ఉద్యోగి వల్ల ఆస్తి నష్టం జరిగితే ఆ నష్టం మేరకే కోత. హింసకు, నైతిక పతనం కిందికొచ్చే నేరానికి మాత్రమే మొత్తం పోవచ్చు. "పెర్ఫార్మెన్స్ బాగాలేదు" అని విచారణ లేకుండా పంపిస్తే, వర్కర్ విషయంలో అది రిట్రెంచ్‌మెంట్ అని వాదించడానికి గట్టి ఆధారం ఉంది.

మరి ఎక్స్‌పీరియన్స్ లెటర్? అందరినీ భయపెట్టేది ఇదే. రిట్రెంచ్ అయినవారి లెటర్ సాధారణంగా హోదా, చేరిన తేదీ, మానిన తేదీతోనే ఉంటుంది. కారణం రాసినా ఉద్యోగాల తగ్గింపు అనే ఉంటుంది, దాని వల్ల మచ్చ రాదు. తప్పు మోపి తీసేస్తే చాలా కంపెనీలు లెటర్ ఆపేస్తాయి, లేదా టర్మినేటెడ్ అని రాస్తాయి. తర్వాతి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో "మళ్లీ తీసుకుంటారా" అని అడిగినప్పుడు అసలు దెబ్బ అక్కడ తగులుతుంది. ఆఫీసులన్నింటికీ వర్తించేలా ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇవ్వాలన్న కేంద్ర చట్టం లేదు. అయితే ఫ్యాక్టరీల కోసం 1946లో వచ్చిన నమూనా సర్వీసు నిబంధనల్లో, అంటే స్టాండింగ్ ఆర్డర్స్‌లో, డిస్మిస్ అయిన పర్మనెంట్ కార్మికుడికి సైతం సర్వీస్ సర్టిఫికెట్ హక్కుగా రాశారు.

అందుకే నా మొగ్గు ఇలా ఉంటుంది. వర్కర్ అయి, మీ మీద ఛార్జిషీట్ లేకపోతే, రాజీనామా కన్నా రిట్రెంచ్‌మెంట్ లెటరే మేలు. విచారణలో నిజంగా ఇరుక్కునే సాక్ష్యం ఉంటే మాత్రం, రాజీనామాకు కంపెనీ ఒప్పుకుంటే అదే మేలు. డబ్బు పోయినా రికార్డు నిలుస్తుంది. రెండింట్లోనూ సంతకానికి ముందు లెటర్ డ్రాఫ్ట్, వెరిఫికేషన్‌కు ఏం చెబుతారన్నది మెయిల్‌లో తీసుకోండి.

లెటర్ ఆపేస్తే అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్పులు, ఫారం 16, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ కలిపి అనుభవానికి రుజువుగా చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. ఆఫీస్ ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేలోపే వీటిని దింపుకోవాలి. కంపెనీ పీఎఫ్‌లో ఎగ్జిట్ తేదీ వేయకపోతే, చివరి జమ తర్వాత రెండు నెలలు ఆగి మీరే వేసుకోవచ్చు.