అద్దెకుందామా, కొందామా? మహబూబ్‌నగర్ లెక్క

మహబూబ్‌నగర్‌లో ఉద్యోగంలో కాస్త కుదురుకున్నవాళ్లు ఎవరు కలిసినా ఇదే అడుగుతున్నారు: "నెలకు తొమ్మిది వేలు అద్దె పోసే బదులు, ఇంకొంచెం వేసి ఈఎంఐ కడితే ఇల్లు మనదైతది కదా అన్నా?" మాట సబబుగానే ఉంది. ఆ "ఇంకొంచెం" ఎంతో మాత్రం ఎవరూ లెక్కేసుకుని రారు.

లెక్క సులువుగా ఉండాలని ఒక ఇల్లు అనుకుందాం. ఏనుగొండ వైపో, న్యూటౌన్ వైపో ఒక ఇండిపెండెంట్ ఇల్లు, ధర 40 లక్షలు. అలాంటి ఇల్లే అద్దెకైతే 9,000. బ్యాంకు 80 శాతం, అంటే 32 లక్షలు ఇస్తుంది, వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు.

| విషయం | అద్దె | సొంతం |
|---|---|---|
| ముందు పెట్టాల్సింది | రెండు మూడు నెలల అడ్వాన్సు | దాదాపు 11 లక్షలు |
| నెలనెలా | 9,000, ఏటా కొంత పెరుగుతుంది | 27,770 ఈఎంఐ |
| రిపేర్లు, ఇంటి పన్ను | ఓనరు చూసుకుంటాడు | మన నెత్తినే |
| ఊరు మారాలంటే | నెల ముందు చెబితే చాలు | అమ్మాలి, లేదా అద్దెకివ్వాలి |
| ధర పెరిగితే | మనకేమీ రాదు | లాభం మనదే, తగ్గితే నష్టమూ మనదే |
| ఇంట్లో ఎవరి మాట | ఓనరుది | మనది |

పదకొండు లక్షలు ఎందుకంటే, బ్యాంకు ఇవ్వని 8 లక్షలకు తోడు రిజిస్ట్రేషన్‌కు మరో 3 లక్షలు. తెలంగాణలో 2021 జులై నుంచి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం. ఆ మూడు లక్షలు మళ్లీ తిరిగి రావు. డాక్యుమెంటులో ధర తక్కువ రాయించుకుందామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఫీజు తగ్గుతుంది గానీ లోనూ తగ్గుతుంది, చేతి నుంచి పెట్టాల్సిన నగదు పెరుగుతుంది.

ఇక ఈఎంఐ. మొదటి నెల కట్టే 27,770లో వడ్డీయే 22,667. అసలులోకి పోయేది ఐదు వేల పైచిలుకు. కాబట్టి అద్దెను ఈఎంఐతో పోల్చడం సరికాదు, వడ్డీతో పోల్చాలి. ఐదేళ్లు తిరిగేసరికి బ్యాంకుకు 16 లక్షల 66 వేలు కట్టి ఉంటాం. అందులో అసలు తీరింది 3 లక్షల 80 వేలే, మిగతా 12 లక్షల 86 వేలు వడ్డీ. దానికి రిజిస్ట్రేషన్ మూడు లక్షలు, ఆ పదకొండు లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఆరున్నర శాతానికి ఉంటే వచ్చే నాలుగు లక్షలు, పన్నులూ సున్నాలూ మోటారు రిపేర్లకు ఒక లక్ష కలపండి. మొత్తం సుమారు 21 లక్షలు. అదే ఐదేళ్లు, ఏటా ఐదు శాతం పెంచుతూ పోయినా, అద్దె ఆరు లక్షలు దాటదు.

తేడా 15 లక్షలు. అంటే 40 లక్షల ఇల్లు ఐదేళ్లలో 55 లక్షలైతేనే కొన్నందుకు నష్టం లేకుండా బయటపడతాం.

నా మటుకు ఇక్కడే తేలిపోతుంది: ఆ ఊళ్లో ఎన్నేళ్లుంటారు? రెండేళ్లకే అమ్మాల్సి వస్తే ఆ ఇల్లు ఏటా తొమ్మిది శాతానికి పైగా పెరిగి ఉండాలి. ఐదేళ్లకైతే ఆరున్నర చాలు. పదేళ్లుంటే ఐదు శాతం చిల్లర పెరిగినా సరిపోతుంది, ఎందుకంటే రిజిస్ట్రేషన్ దెబ్బ పదేళ్లకు పంచుకుంటుంది, అద్దె పెరుగుతూ పోతుంది, మన ఈఎంఐ వడ్డీ రేటు మారితే తప్ప కదలదు. అద్దెకుండేవాళ్లకు నెలనెలా మిగిలే పద్దెనిమిది వేల మీద వడ్డీ ఇందులో కలపలేదు. అది నిజంగా దాచుకునేవాళ్లకు అద్దె ఇంకా లాభం. దాచుకోరంటే, ఈఎంఐ అయినా బలవంతపు పొదుపు అవుతుంది.

ఏటా ఆరున్నర శాతం పెద్ద లెక్కా అనిపిస్తుంది. కానీ పెరిగేది జాగా, ఇల్లు కాదు. సిమెంటు, కూలీ రేట్లు ఎంత పెరిగినా ఐదేళ్లు పాతబడిన స్లాబుకు ఎక్కువ ఇచ్చేవాళ్లు అరుదు. మన 40 లక్షల్లో జాగా విలువ 20 అనుకుంటే, మొత్తం 55 కావాలంటే ఆ జాగా 35 కావాలి. ఏటా పన్నెండు శాతం. కొన్ని కాలనీల్లో పెరుగుతుంది, కొన్నింట్లో పదేళ్లుగా అదే గజం రేటు చెబుతుంటారు.

అందుకే నేను ఎవరినైనా ముందు అడిగేది జీతం కాదు, "పెద్ద పిల్ల ఏ తరగతి?" అని. ఎనిమిదో తొమ్మిదో అంటే, ఇంటర్‌కు హైదరాబాద్ ఆలోచన మొదలైనట్టే. పిల్లతో తల్లి, కొన్నాళ్లకు అందరూ. అప్పుడు ఇక్కడి ఇల్లు అద్దెకిస్తే వచ్చేది తొమ్మిది వేలు, కట్టేది 27,770. ఆ తేడాకు తోడు అక్కడి అద్దె. ప్రభుత్వోద్యోగులైతే, వాళ్లను కొత్త జిల్లాలకు పంచుతూ 2021 డిసెంబరులో వచ్చిన 317 జీవో సంగతి వేరే చెప్పక్కర్లేదు. మహబూబ్‌నగర్‌లో స్థిరపడ్డామనుకున్న ఎందరో గద్వాలకో నాగర్‌కర్నూల్‌కో పోవాల్సి వచ్చింది.

మేమింకా అద్దెకే ఉన్నాం. పన్ను మినహాయింపు వస్తుందనే మాట కూడా ఇప్పుడు అంత బలంగా లేదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు తాము ఉండే ఇంటి లోను వడ్డీ మీద మినహాయింపు లేదు.

అయితే ఈ లెక్కంతా పక్కన పెట్టాల్సిన కుటుంబాలు ఉన్నాయి. ఇంట్లో ఎనభై దాటిన తల్లో తండ్రో ఉన్నవాళ్లు. మన దగ్గర చాలామంది ఓనర్లు అద్దెకుండేవాళ్ల శవాన్ని ఇంట్లోకి రానివ్వరు. ఆస్పత్రి నుంచి నేరుగా ఊరికి తీసుకెళ్లమంటారు, ఊళ్లో ఇల్లు కూలిపోయి ఉంటే వాకిట్లో టెంటు వేసుకోవాలి. దినాలు ఎక్కడ చేయాలనేది ఇంకో గొడవ. ఇది రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని టెన్షన్. అలాంటి ఇంట్లో పదిహేను లక్షల నష్టమని నేను వాదించను, కొనుక్కోమనే చెబుతాను. చిన్న ఇల్లయినా సరే.

కొనేటప్పుడు మాత్రం రేపు అమ్మే రోజును తలుచుకుని కొనాలి. మన దగ్గర కొనేవాడికీ బ్యాంకు లోనే దిక్కు. ఇంటికి పర్మిషన్ కాపీ, లింకు డాక్యుమెంట్లు, ముప్ఫై ఏళ్ల ఈసీ లేకపోతే నగదు ఉన్నవాడే రావాలి, వాడు ధర విరగ్గొడతాడు. పంచాయతీ ఉన్నప్పుడు కట్టి తర్వాత మున్సిపాలిటీలో కలిసిన ఇళ్లలో ఈ లోటు ఎక్కువగా కనిపిస్తుంది. ప్లాను ఒక అంతస్తుకుండి ఇల్లు రెండంతస్తులున్నా ఇదే తంటా. బేరం కుదిరాక కాదు, బయానా ఇవ్వకముందే ఆ కాగితాల జిరాక్సులు బ్యాంకు లాయరుకు చూపించాలి.

ఫ్లాటైతే జాగాలో వాటా కొన్ని గజాలే కాబట్టి పై లెక్క ఇంకా బరువవుతుంది. అద్దెకుంటూ ప్లాటు కొని పెట్టుకోవడం మంచిదే, ఈఎంఐ భారం తగ్గుతుంది. కానీ అప్రూవల్ లేని వెంచరులో, క్రమబద్ధీకరణకు ఎల్‌ఆర్‌ఎస్ ఫీజు కట్టని ప్లాటైతే ఇంటి పర్మిషన్ దగ్గరా, లోను దగ్గరా రెండు చోట్లా చిక్కే.